‘అంబర్’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే

కొత్తగా ఉద్యోగంలో చేరబోయే మనిషి గురించి వెరిఫికేషన్ ఏజెన్సీ పంపే రిపోర్టును మీలో చాలామంది చూసి ఉండరు. మీ గురించి మాత్రం ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ముప్పై నలభై పేజీల పీడీఎఫ్ అది. మొదటి పేజీలో ఒక పట్టిక ఉంటుంది. చదువు, పాత ఉద్యోగాలు, అడ్రస్, గుర్తింపు కార్డు, కోర్టు రికార్డు, ఇలా సరిచూసే ఒక్కో అంశానికీ, అంటే ఒక్కో చెక్కుకీ, ఒక్కో వరుస, దాని పక్కన ఒక రంగు. అన్నీ సరిపోతే గ్రీన్, ఏదో తేడా ఉంటే అంబర్, పెద్ద తేడా అయితే రెడ్. పట్టిక కింద మొత్తానికి కలిపి ఇంకో రంగు వేస్తారు. చాలా ఏజెన్సీల్లో అది లోపల ఉన్నవాటిలోకెల్లా చెడ్డ రంగే. తొమ్మిది గ్రీన్లు, ఒక అంబర్ ఉంటే రిపోర్టు మొత్తం అంబర్ అన్నమాట.

మిగతా పేజీల్లో ఉండేవి ఆధారాలు: స్కాన్ చేసిన మార్కుల మెమోలు, యూనివర్సిటీ జవాబు, పాత కంపెనీ పంపిన ఈమెయిల్, ఇంటి గుమ్మం ఫొటో. ఒకే వారంలో పాతికమందిని చేర్చుకోవాల్సిన హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌కి అవన్నీ తిరగేసే తీరిక ఉండదు. అందుకని మధ్యలో ఒకరు కూర్చుని ఒక పేజీ సారాంశం రాస్తారు. నిర్ధారణ అయినవి, తేడాలు ఉన్నవి, ఇంకా రావాల్సినవి అని మూడు భాగాలు చేయమంటారు. నేను మొదట ఏజెన్సీలో ఉండి, తర్వాత కంపెనీ వైపుకొచ్చి చేస్తున్న పని ఇదే.

ఈ పనిలో నాకున్న పేచీ ఒకటి ఉంది. నా దగ్గరికొచ్చే సారాంశాల్లో చాలావరకు మొదటి పేజీ పట్టికనే వాక్యాల్లోకి మార్చి రాసినవి. ‘ఎడ్యుకేషన్ అంబర్, ఎంప్లాయ్‌మెంట్ ఒకటి అంబర్, ఒకటి గ్రీన్, ఓవరాల్ అంబర్’. ఇది చదివిన హెచ్‌ఆర్ మేడమ్‌కి కొత్తగా తెలిసిందేమీ లేదు, పైగా టెన్షన్ ఒకటి. వెంటనే ఫోన్ చేసి, “ఇంతకీ తీసుకోవచ్చా, వద్దా?” అని అడుగుతారు. అలా అడగాల్సి రావడం తప్పు కాదు. ఏది తేల్చుకోవాలో సారాంశం చెప్పలేదు కాబట్టి అడిగారు.

రంగులు ఎందుకు పనికిరావో ఒక రిపోర్టు పట్టుకుని చెబుతాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు. చాలా రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ కనిపించే సంగతులను ఒకే మనిషికి తగిలించాను. చీరాల అమ్మాయి, 1995లో పుట్టింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. బీటెక్ 2013లో చేరి 2017లో పాసైనట్టు రెజ్యూమెలో రాసింది. మొదటి ఉద్యోగం 2018 జులై నుంచి 2020 మే వరకు మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో. రెండోది 2020 ఆగస్టు నుంచి 2023 సెప్టెంబరు 30 దాకా ఒక పెద్ద కంపెనీలో, హోదా సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. 2023 అక్టోబరు నుంచి మూడో కంపెనీలో ఉంది, ప్రస్తుతం నోటీసు పీరియడ్‌లో. రిపోర్టు వచ్చింది 2025 జూన్ చివర్లో. మనం ఇస్తున్న ఉద్యోగానికి కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి.

ఈ రిపోర్టులో అంబర్లు ఐదు. కోర్టు రికార్డు, సొంతూరి అడ్రస్, చదువు, మొదటి ఉద్యోగం, రెండో ఉద్యోగం. ఐదింటికీ ఒకే రంగు. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

అడ్రస్ సంగతి త్వరగా తేలిపోతుంది. దరఖాస్తులో ‘చీరాల, బాపట్ల జిల్లా’ అని ఉంది. ఆధార్‌లో ‘ప్రకాశం జిల్లా’ అని ఉంది. ఏజెన్సీ వాళ్ల సాఫ్ట్‌వేర్ రెండు పేర్లు వేరని చూసి అంబర్ కొట్టేసింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు చీరాల ప్రకాశం నుంచి బాపట్లలోకి వెళ్లింది, అంతే. తెలంగాణలో 2016లో కొత్త జిల్లాలు వచ్చాక ఇలాంటివి కుప్పలుగా వచ్చేవి. ఇల్లు అదే, డోర్ నంబరు అదే, వెళ్లి చూసినవాళ్లకు తలుపు తీసింది వాళ్లమ్మే. దీన్ని తేడాల్లో రాస్తే ఏ తప్పూ లేని మనిషి మీద ఒక మచ్చ పెట్టినట్టు. నిర్ధారణ అయినవాటిలో వేసి, పక్కన ఒక ముక్క రాయాలి. అసలు రాయకుండా వదిలేస్తే కుదరదు. ఐటీ సర్వీసుల్లో క్లయింట్ ఆడిట్ వాళ్లు అసలు రిపోర్టునే అడుగుతారు. అందులో కనబడే అంబర్ మన సారాంశంలో కనబడకపోతే, దాచామనుకుంటారు.

కోర్టు రికార్డు సంగతి ఇంతకంటే గడ్డు. ఈ చెక్కులో, కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్ వంటి చోట్ల పేరు పెట్టి వెతుకుతారు. మన పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, ఒకచోట ముందు, ఇంకోచోట చివర. ‘ఎం. నాగలక్ష్మి’ అని వెతికితే ఒక్క గుంటూరు వైపే ఎంతమంది దొరుకుతారో ఆలోచించండి. అందుకని తండ్రి పేరుతో సరిచూస్తారు. పాన్ కార్డు మీద తండ్రి పేరు ఉంటుంది కాబట్టి అది తేలిక. కానీ ఆడవాళ్ల విషయంలో ఇది సగమే పనిచేస్తుంది. పెళ్లయినవాళ్ల కేసుల్లో తండ్రి పేరు కాకుండా భర్త పేరు రాసి ఉంటుంది. తండ్రి పేరు కలవలేదు కాబట్టి ఆమె కాదని తోసేయడానికి లేదు, భర్త పేరుంది కాబట్టి ఆమే అనడానికీ లేదు. మన కేసులో దొరికింది 2012లో దాఖలైన ఒక ఆస్తి దావా. కాగితంలో ప్రతివాది వయసు 41 ఏళ్లు అని ఉంది. మన అమ్మాయికి అప్పటికి పదిహేడు కూడా దాటలేదు. అది ఈమె కాదు. ఒక్క వాక్యంలో తేలిపోయింది. కానీ ఆ వాక్యం ఏజెన్సీ రిపోర్టులో ఎక్కడా లేదు. ముప్పై రెండో పేజీలో ఉన్న దావా కాగితాన్ని ఎవరో ఒకరు తెరిచి వయసు చూడాలి.

దీన్ని సారాంశంలో ఎలా రాయాలన్న దానిలోనూ జాగ్రత్త ఉండాలి. ‘ఆమె మీద కేసులు లేవు’ అని నేను రాయను. ‘ఇచ్చిన రెండు అడ్రస్‌ల పరిధిలో, ఫలానా తేదీ నాటికి, వెతికిన రికార్డుల్లో ఆమెకు సంబంధించిన కేసు కనబడలేదు’ అని రాస్తాను. కంప్యూటర్లోకి ఎక్కని పాత కేసులూ, పేరు తప్పుగా టైపైన కేసులూ, ఆమె మధ్యలో రెండేళ్లు ఉన్న వేరే ఊళ్లో కేసులూ ఈ వెతుకులాటకు అందవు. వెతికినంత మేరకే హామీ ఇవ్వగలం.

ఇక చదువు. ఇక్కడికొచ్చేసరికి నా వాదన అసలు సంగతిలోకి వస్తుంది. కాకినాడ జేఎన్‌టీయూ జవాబు పంపింది: హాల్ టికెట్ నంబరు సరైనదే, డిగ్రీ నిజమైనదే, పాసైన సంవత్సరం 2018. అమ్మాయి రాసింది 2017. ఏజెన్సీ చదువు చెక్కు మొత్తానికి అంబర్ వేసింది. సారాంశం రాసినవాళ్లు ‘చదువు’ అనే వరుసను తీసుకెళ్లి తేడాల భాగంలో పెట్టేశారు. ఇప్పుడు అది చదివితే ఏమనిపిస్తుంది? డిగ్రీలో ఏదో తేడా ఉందనిపిస్తుంది. హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ పని చేసేవాళ్లకి ‘డిగ్రీలో తేడా’ అన్న మాట వినగానే మొదట గుర్తొచ్చేది దొంగ సర్టిఫికెట్టే.

ఒక చెక్కులో అభ్యర్థి చెప్పిన విషయాలు నాలుగైదు ఉంటాయి. చదువులో అయితే ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ యూనివర్సిటీ, ఎప్పుడు పాసైంది. వాటిని విడదీసి, ఒక్కోదాన్నీ దాని భాగంలో పెట్టాలి. మూడు భాగాల్లోకి సర్దాల్సింది చెక్కులను కాదు, ఆమె చెప్పిన ఒక్కొక్క విషయాన్ని. డిగ్రీ, కాలేజీ, యూనివర్సిటీ నిర్ధారణ అయినవాటిలోకి వెళ్తాయి. పాసైన సంవత్సరం ఒక్కటే తేడాల్లోకి వెళ్తుంది. ఈ తేడా ఎలా వస్తుందో ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా తెలుసు. నాలుగేళ్ల క్లాసులు 2017లో అయిపోయాయి, ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలిపోయాయి, సప్లిమెంటరీ రాసి 2018లో గట్టెక్కింది. బ్యాచ్ సంవత్సరాన్నే పాసైన సంవత్సరంగా రాసేసింది. అయితే ఇది నా ఊహ. సారాంశంలో ఊహకు చోటు లేదు. మెమోలో ఆఖరి సబ్జెక్టు పాసైన నెల, సంవత్సరం ఉంటాయి. అది చూసి, ఆమెను అడిగి, ఆమె రాసి పంపిన వివరణను తేడా పక్కనే పెట్టాలి.

తేడాల భాగం రాసేటప్పుడు నేను రెండు విషయాలు మానేశాను. ఒకటి విశేషణాలు. ‘మేజర్’, ‘మైనర్’, ‘సీరియస్’, ‘చిన్నపాటి’, ఇవన్నీ తీర్పులు. తీర్పు చెప్పాల్సింది ఎగ్జిక్యూటివ్, నేను కాదు. రెండోది, ఒక వైపే రాయడం. ‘పాసైన సంవత్సరం తప్పు’ అని రాయను. ‘ఆమె రాసింది 2017. యూనివర్సిటీ చెప్పింది 2018. ఆమె వివరణ: ఒక సబ్జెక్టు సప్లిమెంటరీలో పాసైంది’ అని రాస్తాను. మూడు వాక్యాలు. చదివినవాళ్లు తామే తేల్చుకుంటారు.

రెండో ఉద్యోగం కూడా ఇలా విడదీస్తేనే అర్థమవుతుంది. ఆ ఒక్క వరుసలోనే రెండు అంబర్ గుర్తులున్నాయి. మొదటిది మానేసిన తేదీ. పీఎఫ్ సర్వీసు హిస్టరీలో 2023 ఆగస్టు 31 అని ఉంది, ఆమె సెప్టెంబరు 30 అంది. చూడగానే ఒక నెల అబద్ధం చెప్పిందనిపిస్తుంది. పీఎఫ్ తేదీ ఎలా పడుతుందో తెలిస్తే అలా అనిపించదు. 2020 జనవరి నుంచి ఉద్యోగులు తమ ఎగ్జిట్ తేదీని తామే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. ఆఖరి పీఎఫ్ జమ అయి రెండు నెలలు దాటాక. కానీ ఆ తేదీ ఆఖరి జమ పడిన నెలలోదే అయ్యుండాలి. చాలా కంపెనీలు ఆఖరి నెల జీతం ఆపి, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కలిపి ఇస్తాయి. ఆ నెల పీఎఫ్ ఆలస్యంగా పడుతుంది, ఒక్కోసారి పడదు. అప్పుడు సెప్టెంబరులో మానేసినవాళ్లకి ఆగస్టు తేదీయే గతి. ఇటు ఆ కంపెనీ హెచ్‌ఆర్ తమ అధికారిక ఈమెయిల్ నుంచే సెప్టెంబరు 30 అని రాసి పంపారు. జీతం ఇచ్చినవాళ్ల మాటే అసలు ఆధారం, పీఎఫ్ దానికి తోడు. కాబట్టి తేదీలు నిర్ధారణ అయినట్టే, పక్కన ఒక చిన్న వివరణతో.

రెండో అంబర్ వేరు. ఆమె సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అని రాసింది. అదే ఈమెయిల్‌లో హెచ్‌ఆర్ చెప్పిన హోదా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ప్రాజెక్టులో ఆమెను అందరూ సీనియర్ అని పిలిచి ఉండొచ్చు, క్లయింట్‌కిచ్చిన కాగితంలో అలా రాసి ఉండొచ్చు. ఇవన్నీ ఆమె చెప్పుకోవాల్సినవి. నా వరకు ఇది నిజమైన తేడా, ఈ రిపోర్టులో నిజంగా మాట్లాడుకోవాల్సిన తేడా ఇదే. జిల్లా పేరుకీ దీనికీ ఏజెన్సీ ఒకే రంగు వేసింది.

ఇక నన్ను ఎక్కువగా విసిగించేది మూడో భాగం, ‘పెండింగ్’. ఏ జవాబూ రాని ప్రతిదాన్నీ అందులో కుక్కేస్తారు. మన అమ్మాయి మొదటి కంపెనీ మూతపడింది. ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేశారు, ఈమెయిల్ పంపారు, ఆఫీసు ఉన్న చోటికి మనిషిని పంపారు. అక్కడిప్పుడు జిమ్ ఉంది. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీని జాబితా నుంచి కొట్టేసినట్టుంది. ఏజెన్సీ ‘అన్‌ఏబుల్ టు వెరిఫై’ అని రాసి అంబర్ వేసింది. కొందరు దీన్ని తేడాల్లో పెడతారు, అది అన్యాయం. ఆమె చెప్పిందానికి విరుద్ధంగా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంకొందరు పెండింగ్‌లో పెడతారు, అది మోసం కాకపోయినా తప్పుదారి. పెండింగ్ అంటే ఆగితే వస్తుందని. ఎన్నాళ్లు ఆగినా ఆ జిమ్ నుంచి ఏ జవాబూ రాదు.

అందుకే నేను ఆ భాగాన్ని రెండుగా చీలుస్తాను. ఆగితే వచ్చేవి ఒకవైపు. వాటికి ఎవరి దగ్గర ఆగిందో, ఎప్పటికి రావచ్చో రాయాలి. ప్రస్తుత ఉద్యోగం ఇందులోకి వస్తుంది. ఆమె రిలీవ్ కాకముందే ఆ కంపెనీకి ఫోన్ చేయకూడదు. అది చెక్కు ఆలస్యం కాదు, కావాలని ఆపింది. రిలీవింగ్ లెటర్ వచ్చిన రోజున మొదలవుతుంది. రెఫరెన్స్ చెక్కు కూడా ఇక్కడే, కానీ అది ఆగింది అభ్యర్థి దగ్గర. ఇచ్చిన ఇద్దరు మేనేజర్లలో ఒకరి నంబరు పనిచేయడం లేదు, ఇంకో నంబరు ఇవ్వమని అడిగారు. ఏజెన్సీని తొందరపెడితే దీనికి లాభం లేదు. రెండోవైపు, ఆగినా రానివి. అక్కడ ఏమేం ప్రయత్నించారో చెప్పి, బదులుగా ఏ ఆధారం ఉందో చూపించి, నిర్ణయం అడగాలి.

మొదటి ఉద్యోగానికి బదులు ఆధారం ఉంది. పీఎఫ్ రికార్డులో ఆ కంపెనీ పేరు మీద 2018 సెప్టెంబరు నుంచి 2020 మార్చి వరకు జమలున్నాయి. పందొమ్మిది నెలలు. ఆమె చెప్పింది ఇరవై మూడు. మిగిలిన నాలుగు నెలల్లో రెండు మొదట్లోవి, రెండు కొవిడ్ లాక్‌డౌన్ నెలలు. పీఎఫ్ రికార్డు హోదా చెప్పదు, ఎందుకు మానేసిందో చెప్పదు, పనితీరు అసలే చెప్పదు. ఆ కంపెనీ ఆమె పేరు మీద ఆ నెలల్లో డబ్బు కట్టిందని మాత్రం చెబుతుంది. అది తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో అనుభవం అమ్మే కన్సల్టెన్సీల గురించి అందరికీ తెలుసు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, ఫోనెత్తి “అవునండీ, మా దగ్గరే పనిచేశారు” అని చెప్పే మనిషి, అన్నీ ప్యాకేజీలో ఇస్తారు. అప్పట్లో నెలనెలా పడిన పీఎఫ్‌ను మాత్రం ఇప్పుడు పుట్టించడం అంత తేలిక కాదు.

ఇదే కారణంగా గ్రీన్ ఉన్నవాటిని కూడా నేను నమ్మి వదిలేయను. ‘నిర్ధారణ అయింది’ అన్న మాట పక్కన ఎవరు చెప్పారో, ఆ మనిషి నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో ఉండాలి. అభ్యర్థి ఇచ్చిన నంబరుకే ఫోన్ చేసి, ఒక జీమెయిల్ ఐడీ నుంచి జవాబు తెప్పించుకుని గ్రీన్ వేసిన రిపోర్టులు చూశాను. పీఎఫ్ లేదు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఫారం 26ఏఎస్‌లో ఆ కంపెనీ కోసిన పన్ను లేదు, అయినా గ్రీన్. మూతపడిన కంపెనీ వల్ల అంబర్ పడిన మన అమ్మాయికి దానికంటే గట్టి ఆధారం ఉంది. అలాగని పీఎఫ్ లేకపోతే దొంగ అనేయకూడదు. ఇరవైమంది కంటే తక్కువున్న సంస్థలకు ఆ చట్టం మామూలుగా వర్తించదు. మూలవేతనం 15,000 దాటినవాళ్లు మొదటి ఉద్యోగంలోనే పీఎఫ్ వద్దనుకోవచ్చు కూడా. అలాంటప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగాలి.

ఇప్పుడు ఎగ్జిక్యూటివ్‌కి అసలు కావాల్సిన లెక్క చేద్దాం. ఆమె చెప్పిన అనుభవం మొత్తం ఎనభై రెండు నెలలు. అందులో ముప్పై ఎనిమిది నెలలు కంపెనీయే నిర్ధారించింది. పందొమ్మిది నెలలకు పీఎఫ్ ఆధారం ఉంది. ఇరవై ఒక్క నెలలు ప్రస్తుత ఉద్యోగానివి, రిలీవ్ అయ్యాక తెలుస్తాయి. నాలుగు నెలలకు ఏ ఆధారమూ లేదు. కావాల్సింది అరవై నెలలు. మొదటి ఉద్యోగాన్ని మొత్తంగా పక్కన పెట్టేస్తే యాభై తొమ్మిదే మిగులుతాయి, ఒక్క నెల తక్కువ. పీఎఫ్ ఆధారాన్ని ఒప్పుకుంటే డెబ్బై ఎనిమిది. అంటే అనుభవం విషయంలో నిర్ణయం వేలాడుతున్నది ఒక్క ప్రశ్న మీద: మూతపడిన కంపెనీకి పీఎఫ్ రికార్డును ఆధారంగా మన కంపెనీ పాలసీ ఒప్పుకుంటుందా? రంగుల పట్టికను ఎన్నిసార్లు చదివినా ఈ ప్రశ్న బయటికి రాదు.

నేను పంపే పేజీ ఇలా ఉంటుంది.

“మీరు తేల్చాల్సినవి రెండు: మొదటి ఉద్యోగానికి పీఎఫ్ రికార్డు సరిపోతుందా, రెండో ఉద్యోగంలో హోదా తేడాకు ఆమె వివరణ ఒప్పుకుంటారా.

నిర్ధారణ అయినవి: పాన్, ఆధార్ గుర్తింపు. రెండు అడ్రస్‌లు (ఆధార్‌లో పాత జిల్లా పేరుంది, ఊరు అదే). బీటెక్ డిగ్రీ, కాలేజీ, యూనివర్సిటీ, జేఎన్‌టీయూ కాకినాడ జవాబు ప్రకారం. రెండో ఉద్యోగం తేదీలు, కంపెనీ హెచ్‌ఆర్ ఈమెయిల్ ప్రకారం (పీఎఫ్‌లో ఎగ్జిట్ ఒక నెల ముందుంది). రెండు అడ్రస్‌ల పరిధిలో, ఫలానా తేదీ నాటికి, వెతికిన కోర్టు రికార్డుల్లో ఆమెకు సంబంధించిన కేసు కనబడలేదు (పేరు కలిసిన ఒక దావా ఉంది, ప్రతివాది వయసు కలవదు, పేజీ 32).

తేడాలు: పాసైన సంవత్సరం, ఆమె రాసింది 2017, యూనివర్సిటీ చెప్పింది 2018, వివరణ జతచేశాను. రెండో ఉద్యోగంలో హోదా, ఆమె రాసింది సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, కంపెనీ చెప్పింది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, వివరణ అడిగాం, ఇంకా రాలేదు.

ఆగితే వచ్చేవి: ప్రస్తుత ఉద్యోగం, రిలీవింగ్ లెటర్ వచ్చాక. ఒక రెఫరెన్స్, అభ్యర్థి కొత్త నంబరు ఇవ్వాలి.

ఆగినా రానివి: మొదటి ఉద్యోగం. కంపెనీ మూతపడింది. పీఎఫ్ 19 నెలలకు ఉంది, 4 నెలలకు లేదు. హోదాకు ఆధారం లేదు.”

ఆధార్ నంబరు, ఇంటి డోర్ నంబరు, పుట్టిన తేదీ ఇందులో ఉండవు. ఈ పేజీ ఈమెయిల్‌లో రిక్రూటర్‌కీ, ప్రాజెక్టు మేనేజర్‌కీ ఫార్వర్డ్ అవుతుందని నాకు తెలుసు. వాళ్లకి అవి అక్కర్లేదు. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సంగతి తర్వాత, ముందు అది మర్యాద.

ఇంత రాస్తే ఎవరు చదువుతారు, ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా అని రిక్రూటర్లు నాతో గొడవపడతారు. వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది, జాయినింగ్ తేదీ దగ్గరపడుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ ఆ ఒక్క ముక్క నేను చెబితే నిర్ణయం నాదవుతుంది, సంతకం మాత్రం మేడమ్‌ది. పైగా ‘అంబర్’ అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇలాంటి అమ్మాయిలను వెనక్కి పంపిన సందర్భాలు చూశాను. జిల్లా మారినందుకో, కంపెనీ మూతపడినందుకో అని వాళ్లకి ఎవరూ చెప్పరు. “బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ క్లియర్ కాలేదు” అని ఒక ఈమెయిల్ వెళ్తుంది. అప్పటికే పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి ఉంటారు.

హోదా గురించి వివరణ రావడానికి రెండు పనిదినాల గడువిస్తాం. ఆ గడువులోగా వస్తే దాన్ని మార్చకుండా ఆమె మాటల్లోనే అతికిస్తాను. రాకపోతే ‘గడువులోగా రాలేదు’ అని తేదీ వేసి పంపేస్తాను.